ఒకే పేరుతో రెండు కవర్లు

మా తాతగారి పేరు మా వంశంలో ఇద్దరికి పెట్టారు. ముందు పుట్టాను కాబట్టి నాన్నగారు నాకు పెట్టారు. రెండు మూడేళ్ళ తర్వాత బాబాయికి కొడుకు పుట్టాడు. తండ్రి పేరు పెట్టుకునే హక్కు తనకీ ఉందని బాబాయి వాడికీ అదే పెట్టాడు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. పెళ్ళిళ్ళలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇద్దరం తిరిగి చూసేవాళ్ళం. అందుకని నన్ను ఏలూరబ్బాయి అనీ, వాణ్ణి ఆకివీడబ్బాయి అనీ అనేవారు. యాభై దగ్గర పడినా మమ్మల్ని అబ్బాయిలనే అన్నారు. ఆ ఒక్క లాభం తప్ప ఆ పేరు వల్ల మాకు ఒరిగింది లేదు, నష్టమూ లేదు. ఇంటి అప్పు తీరేదాకా అలాగే అనుకున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి కామర్స్ చెప్పేవాణ్ణి. రోజూ ఏలూరు నుంచి పాసెంజరులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఏలూరులో మాకో డాబా ఇల్లుంది. దాన్ని బ్యాంకు అప్పుతో కొన్నాం. నేను తీసుకున్న ఏడాదే మా తమ్ముడు, అదే బాబాయి కొడుకు, ఆకివీడులో ఇల్లు కట్టుకుంటూ, నేను చెప్పానని, మా ఏలూరు బ్రాంచిలోనే లోను తీసుకున్నాడు. వాడికి చేపల చెరువులుండేవి. ఉండేవి అంటున్నానంటే, కొల్లేరులో చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది వాడివీ పోయాయి. ఆ తర్వాత వాడు మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా కూర్చునేవాడు కాదు.

మా లోను ఆఖరి వాయిదా ఆ మరుసటి ఏడాది కట్టాను. కాగితాల కోసం వారం పోయాక రమ్మన్నారు. వెళ్ళాను. ఆఫీసరుగారు స్ట్రాంగ్ రూములోంచి కాకీరంగు కవరొకటి తెచ్చి బల్లమీద పెట్టారు. దానిమీద మా ఇంటిపేరు, నా పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. పక్కన రసీదు కాగితం. ఒరిజినల్ సేల్ డీడు, రెండు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను, పన్ను రసీదు అని వరుసగా టైపు కొట్టి ఉంది.

"ఒకసారి చూసుకోండి మాస్టారూ" అన్నారాయన. ఆ అనడంలో ఎంత మర్యాద ఉందో, చూడక్కర్లేదన్న భరోసా అంత ఉంది.

"మీరిచ్చాక చూడ్డమేమిటండీ" అన్నాను.

మా వైపు ఎవరైనా ఏదైనా చేతికిస్తే, వాళ్ళెదుటే విప్పి చూడం. అది వాళ్ళని నమ్మకపోవడం కింద లెక్క. పళ్ళ బుట్టైనా అంతే, పదేళ్ళకి పైగా తాకట్టులో ఉన్న ఇల్లైనా అంతే. పై డాక్యుమెంట్లన్నీ సరిచూసుకుని అందుకున్నాను అని ఉన్న చోట సంతకం పెట్టేశాను. ఆ వాక్యం చదివాను కూడా. బాగా రాశారనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ బీరువాలో చోటు చేసి ఉంచింది. కవరు విప్పి, ఒక్కసారి మన ఇంటి హద్దులు చదివి లోపల పెడతానంది. నేను చొక్కా విప్పుతున్నాను. ఆవిడ గట్టిగా చదివింది.

"తూర్పు, పంచాయతీ రోడ్డు. దక్షిణం, వేరొకరి కొబ్బరితోట. పడమర, ఖాళీ స్థలం. ఉత్తరం, చేపల చెరువు గట్టు." ఆగింది. "ఏవండీ, మనకి ఉత్తరాన మునిసిపాలిటీ మురుక్కాలవ కదా."

"అవును."

"మరి ఇక్కడ చెరువుందేమిటండీ?"

మురుగుకాలవ చెరువైతే మంచిదే కదా అనబోయాను. అనలేదు. చొక్కా ఒక చెయ్యి ఇంకా విప్పలేదు. అలాగే కాగితం అందుకున్నాను. కొన్నవారి పేరు నాదే. కానీ ఫలానావారి కుమారుడు అన్నచోట మా బాబాయి పేరుంది. గ్రామం ఆకివీడు.

మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ మిగతా కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి పరిచింది. ప్లానులో మెట్లు ఎడమపక్కనున్నాయి. మాకు మెట్లు కుడిపక్క.

"ఇవి మీ తమ్ముడివి" అంది. "మనవేవీ మరి?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు అప్పుడే తెలిసింది. పేరు ఒక్కటే ఉన్న కవర్లు రెండు. రెండూ అక్కడే ఉంటే ఆఫీసరుగారు ఏది నాదని చూసేవారు. చూడలేదంటే, రెండోది అప్పటికే వాడి దగ్గరుంది. వాడు నాకంటే ముందే లోను క్లోజు చేసుకున్నాడన్న మాట. చెరువులు పోయినవాడు అంత త్వరగా ఎలా కట్టాడన్నది నాకు తెలియలేదు.

వాళ్ళింటికి ఫోను చేస్తే మరదలు ఎత్తింది. వాడు ఊళ్ళో లేడంది. ఏదైనా విశేషమా బావగారూ అంది. ఏమీ లేదమ్మా, ఊరికే అన్నాను.

మర్నాడు కాలేజీకి సెలవు చెప్పి, బ్యాంకు తలుపులు తీసేసరికే గుమ్మంలో నిలబడ్డాను. ఆఫీసరుగారు నా కవరు చూశారు, రిజిస్టరు చూశారు, మళ్ళీ కవరు చూశారు. కూర్చున్నారు. ఆయన భయపడ్డం చూసి నాకు ధైర్యం రావాలి. రాలేదు. పక్కవాడు కూడా మునుగుతున్నాడని తెలిస్తే ఈత రాదు కదా.

"మీ తమ్ముడుగారు మొన్న వేసవిలో వచ్చారండి" అన్నాడాయన చిన్నగొంతుతో. "పేరు చూసి కవరు తీశాం. అకౌంటు నంబరు చూడాల్సింది. ఆయనా విప్పి చూసుకోలేదు మాస్టారూ. మీలాగే."

"వాడికి డబ్బు ఎలా వచ్చిందండీ?"

ఆయన చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాడు. "కైకలూరు నుంచి, చేపల మేతకి నూనెచెక్కా తవుడూ అమ్మే షావుకారుగారొకరు వెంట వచ్చారండి. బాకీ ఆయనే కట్టేశారు. కవరు కూడా బయట ఆయన చేతిలోనే చూశాను."

చెరువుల వాళ్ళు చేపల మేత అరువు మీద తెచ్చుకుంటారు. చేపలు పట్టాక తీరుస్తారు. చెరువులే పోతే తీర్చేదేమిటి. అందుకని ఆ షావుకారు బ్యాంకు బాకీ తను తీర్చేసి, ఇంటి కాగితాలు తన దగ్గర పెట్టుకున్నాడు. అంటే తమ్ముడి మేత బాకీకి హామీగా ఆయన ఇనప్పెట్టెలో ఉన్నది మా ఇల్లు.

నేను ఏటా ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠం ఒకటుంది. ఆస్తి తాకట్టు పెట్టడానికి ప్రతిసారీ రిజిస్ట్రేషను అక్కర్లేదు, అసలు దస్తావేజులు అప్పిచ్చినవాడి చేతిలో పెట్టినా తాకట్టే అని. పిల్లలకి గుర్తుండడానికి ఒక జోకు కూడా వేసేవాణ్ణి. అలా పెట్టింది రిజిస్ట్రారాఫీసులో కనబడదని, ఆస్తిమీద అప్పులు చూపించాల్సిన ఈసీ తీస్తే ఖాళీగా వస్తుందని ఆ జోకు. ఆ పూట అది నాకు గుర్తొచ్చింది. మా దస్తావేజు పాతది. ఫొటోలూ వేలిముద్రలూ లేని రోజులది. అందులో నన్ను పట్టించేది పేరొక్కటే. ఆ పేరు వాడికీ ఉంది.

"ఈ కవరు ఇక్కడ పెట్టేసి వెళ్ళండి మాస్టారూ" అన్నాడు ఆఫీసరు. "ఆయన్ని పిలిపించి రెండూ సరిచేస్తాం. లేకపోతే మీరూ మీరూ మార్చేసుకున్నా సరే, రసీదులు మళ్ళీ రాసుకుందాం. పై ఆఫీసుకి వెళ్తే మాత్రం... మీరు సరిచూసుకున్నానని సంతకం పెట్టేశారు కదండీ."

మెత్తగా అన్నాడు. బెదిరింపు మెత్తగా ఉంటే మరీ లోపలికి దిగుతుంది. కవరు పెట్టి రమ్మన్నది రూలు ప్రకారం సబబే. కానీ ఆ బల్లమీద కవరు వదిలేస్తే నా చేతిలో ఏమీ మిగలదు. అది ఉన్నంతసేపూ నా దగ్గర ఎవరికో అవసరమైనది ఒకటి ఉంటుంది. తెస్తానండీ అని సంచిలో పెట్టుకుని లేచాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూనే అంది. "మనది చేతికొచ్చేదాకా వాళ్ళది ఇవ్వకండి. మీ తమ్ముడైనా సరే."

"వాడిదే కదా అది."

"మనది మనదేనండీ."

ఇది న్యాయశాస్త్రంలో ఎక్కడా లేదు కానీ, నాకు ఆ పూట చాలా గట్టి వాదనలా అనిపించింది.

ఆ మర్నాడు తమ్ముడి కోసం ఆకివీడు బయల్దేరాను. కైకలూరు బస్సు కొల్లేరు మీదుగా వెళ్తుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, పైన రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను. కొట్టేసిన గట్లు నీళ్ళల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాయి. మధ్యలో గుర్రపుడెక్క పరుచుకుంది. తెల్లకొంగలు ఆ గట్ల ముక్కల మీద వరుసగా నిలబడి, హద్దులు కొలుస్తున్నట్టున్నాయి. పక్కనున్నాయన ఎక్కడిదాకా అండీ అన్నాడు. ఆకివీడు అంటే, ఏం పని అన్నాడు. చుట్టాలు అన్నాను. సంచి గట్టిగా పట్టుకున్నాను. కైకలూరులో బస్సు మారేటప్పుడు చెక్కబస్తాల వాసన వచ్చింది. ఆ బజార్లో ఏ కొట్టులో మా ఇల్లుందో అని చూశాను.

తమ్ముడు ఊరినుంచి వచ్చేశాడు, వరండాలోనే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఎందుకొచ్చావని అడగలేదు. అదే నన్ను మరింత భయపెట్టింది. మరదలు కాఫీ తెచ్చింది. నేను సంచిలోంచి కవరు తీశాను.

"బ్యాంకువాళ్ళు పొరపాటున నాకు నీ కాగితాలిచ్చారురా."

వాడు కవరు చూశాడు, నన్ను చూశాడు. మరదలు గ్లాసులు పక్కన పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మా ఇంటి కాగితాలా బావగారూ? బ్యాంకులోనే ఉన్నాయని చెబుతున్నారు కదండీ ఈయన. ఇన్నాళ్ళకి బయటికొచ్చాయా." ఆవిడ కవరుకి దూరం నుంచే దణ్ణం పెట్టింది. "లోను తీరిపోయిందా మరి?"

"తీరింది" అన్నాడు తమ్ముడు. "లోపలికి వెళ్ళి చొక్కా తెచ్చిపెట్టు. అన్నయ్యతో పనుంది."

ఆవిడ లోపలికి వెళ్ళాక మెల్లగా అడిగాను. "మరి నావి?"

"ఆయన దగ్గరున్నాయి."

"విప్పి చూశావా?"

"ఎవరు చూశారన్నయ్యా? బ్యాంకులో ఇచ్చారు, బయటికొచ్చి ఆయనకిచ్చాను. ఆయనా చూడలేదు. నా ఎదురుగా ఎలా చూస్తాడు, బాగుండదని." లోపలికి ఓసారి చూశాడు. "మా ఆవిడకి తెలీదు. షావుకారు సంగతి."

కైకలూరు వెళ్ళే బస్సులో కిటికీపక్క వాడు కూర్చున్నాడు. రెండు పక్కలా చెరువులు. పట్టాభూముల్లోవి, ఎవరూ కొట్టనివి. ఒక చోట వల లాగుతున్నారు. వాడు అదే చూస్తూ, చూస్తూ, చెయ్యి చాపాడు.

"ఏదీ, ఓసారి నా కాగితాలు ఇలా ఇవ్వన్నయ్యా. చూసుకుంటాను."

ఇవ్వకూడదని నాకు తెలుసు. ఇవ్వనని ఏమని చెబుతాను. నీ ఇల్లు నీకివ్వను అంటానా? వాడికిచ్చాను. వాడు తాడు విప్పి ఒక్కొక్క కాగితం తీసి చదివాడు. హద్దులు చదివాడు. లింకు డాక్యుమెంట్లు చదివాడు. ఆ కవరు బ్యాంకులో పడ్డాక మా ఆవిడ తర్వాత దాన్ని చదివింది వాడొక్కడేనేమో. చదివి, మళ్ళీ సర్ది, తాడు కట్టి, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

నా సంచి ఖాళీగా ఉంది.

"నీకొకటి చెప్పనా" అన్నాడు. "ఇప్పుడు మా ఇల్లు ఎవరి దగ్గరా లేదు. అప్పు ఉంది. ఇల్లు మాత్రం నా ఒళ్ళో ఉంది."

"ఉంది."

"ఆయనకి ఇవ్వకపోతే ఏమౌతుందన్నయ్యా?"

ఏమౌతుందో నేను పాఠం చెప్పగలను. షావుకారు మా కాగితాలు పట్టుకుని కూర్చుంటాడు. పేరు వాడిదే అంటాడు. నేను ఆ పేరు నాదంటాను. ఇద్దరం నిజమే చెబుతాం. నకలు కావాలంటే రిజిస్ట్రారాఫీసులో దొరుకుతుంది, కానీ అసలు కాగితం లేని ఇల్లు ఎవరు కొంటారు, దానిమీద ఎవరు అప్పిస్తారు. కోర్టు, వకీలు, ఇంకో పదేళ్ళు.

"నువ్వే చెప్పరా" అన్నాను. అది నేను తెలివిగా అన్న మాట కాదు. నాకు ఇంకేమీ తోచలేదు.

వాడు కైకలూరు దాకా కవరుమీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. దిగేటప్పుడు వాడు ముందు దిగాడు. జనంలో కలిసి ఎటైనా వెళ్ళిపోతాడేమోనని వాడి చొక్కా వీపు మీంచి చూపు తియ్యకుండా వెనకాలే నడిచాను. చిన్నప్పుడు జాతరలో వాడు తప్పిపోతాడని వాణ్ణి నా వెంట పంపేవారు. అప్పుడు నేను వాణ్ణి ఇంత శ్రద్ధగా చూడలేదు.

కొట్టులో బస్తాల మధ్య షావుకారుగారు వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. పెద్దాయన. మమ్మల్ని చూసి లేచి, కుర్చీలు దుమ్ము దులిపించి, మజ్జిగ తెప్పించారు. తమ్ముడు సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ కవరు వాడి చంకలోనే ఉంది.

"అయ్యో" అన్నారాయన. "మాస్టారి కాగితాలా అవి? నేనింతవరకు విప్పలేదండీ. మీ తమ్ముడిమీద నమ్మకం." ఇనప్పెట్టె తీసి, ఒక కాకీ కవరు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకివ్వలేదు. మజ్జిగ తాగమన్నారు. "చూశారా మాస్టారూ, ఇవి మీవని మీరంటున్నారు. పేరు చూస్తే మీ తమ్ముడిదే. నేను మీకిచ్చేస్తే, రేపు నా దగ్గరేమీ లేదు. ఏం చెయ్యమంటారు?"

ఆయన మాటలో కోపం లేదు. మజ్జిగ గ్లాసు బల్లమీద పెట్టేశాను. నేను తమ్ముడి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది. చూడకపోయినా అడిగినట్టే అయింది.

వాడు లేచాడు. చంకలోంచి కవరు తీసి ఆయన బల్లమీద పెట్టాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"ఇవి నావండీ. చూసుకోండి" అన్నాడు.

ఈసారి షావుకారు చూసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి కాగితం పైకెత్తి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు. తండ్రిపేరు దగ్గర ఆగి తమ్ముణ్ణి అడిగారు. గ్రామం దగ్గర అడిగారు. ఉత్తరాన చెరువు ఇంకా ఉందా అని అడిగారు. ఉందండీ, అది నాది కాదు అన్నాడు తమ్ముడు. అన్నీ అయ్యాక వాటిని ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, అప్పుడు నా కవరు నా చేతికిచ్చారు.

నేను అక్కడే విప్పాను. మజ్జిగ ఇచ్చిన మనిషి ఎదుట, తమ్ముడి ఎదుట, బస్తాలు మోసేవాళ్ళ ఎదుట విప్పాను. సేల్ డీడు. మురుగుకాలవ ఉంది. లింకు డాక్యుమెంట్లు రెండు. ఈసీ. ప్లానులో మెట్లు కుడిపక్క. పన్ను రసీదు మడత మధ్యలో ఇరుక్కుని వెంటనే కనబడలేదు. ఆ కాసేపట్లో నాకు చెమట కారి కాగితంమీద పడింది. తర్వాత దొరికింది.

"సరిపోయాయా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"సరిపోయాయి."

బస్టాండుదాకా కలిసి నడిచాం. వాడికి ఆకివీడు బస్సు ముందొచ్చింది. ఎక్కి, కిటికీలోంచి నా కవరు వైపు చూశాడు. నేను ఏలూరు బస్సులో కవరు చొక్కాలోపల బనీనుకి ఆనించి పెట్టుకున్నాను. కొల్లేరు దాటేదాకా అది అక్కడే ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను.

మా ఆవిడ ఈసారి హద్దులు పైకి చదవలేదు. మనసులోనే చదువుకుని, కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసింది. పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి రసీదు సరిచేయించుకోమంది. సరేనన్నాను. భోజనాలకి కూర్చోబోతుంటే ఫోను మోగింది. ఆకివీడు నుంచి మరదలు.

"భోజనాలయ్యాయా బావగారూ? ఈయన ఇప్పుడే వచ్చారండి. కాగితాలేవీ అంటే, మీ దగ్గర పెట్టి వచ్చానన్నారు. వర్షాలకి మా ఇంట్లో చెమ్మ కదా, ఏలూరులో అన్నయ్య బీరువాలో భద్రంగా ఉంటాయన్నారు. మంచిపనే అయిందండి. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు మీ దగ్గరుంటే నాకు భయం లేదండీ."

వెనకాల తమ్ముడు దగ్గడం వినిపించింది. వాడు ఫోను పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఉన్నాయి కదా బావగారూ?" అంది ఆవిడ, లైను తెగిందేమోనని.

మా ఆవిడ బీరువా తాళం బొడ్లో దోపుకుంటూ నావైపు చూస్తోంది.

"ఉన్నాయమ్మా" అన్నాను.